అద్దెకున్న పిల్లవాడు

అందరికీ నమస్కారం.

ఆత్మకథాత్మక నవల చదివేటప్పుడు రచయిత జీవితాన్ని పక్కన పెట్టుకుని చదవాలా, పక్కకు నెట్టేసి చదవాలా? ఈ సాయంత్రం నన్ను మాట్లాడమన్నది దీని గురించి. రెండు వైపులా పెద్దవాళ్ళే ఉన్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో సెంత్ బొవ్ అనే ఫ్రెంచి విమర్శకుడు చెట్టు ఎలాంటిదో కాయ అలాంటిదే అన్నాడు. రచయిత ఎలా పెరిగాడు, ఎవరితో తిరిగాడు, డబ్బు దగ్గర ఎలా ఉండేవాడు, ఇవన్నీ తెలిస్తే గాని పుస్తకం తెలియదన్నాడు. ఆయన తర్వాత వచ్చిన ప్రూస్త్ దాన్ని అడ్డంగా కొట్టేశాడు. పుస్తకం రాసేవాడు వేరు, నలుగురిలో తిరిగే మనిషి వేరు, ఆ రెండోవాణ్ణి ఎంత ఎరిగినా మొదటివాడు దొరకడన్నాడు.

ఇద్దరి మాటా చదివినప్పుడల్లా నాకు సబబుగానే అనిపిస్తుంది. అందుకే సిద్ధాంతాల మీద వాదించడం మానేసి చాలా ఏళ్ళైంది. ఏదైనా ఒక నవల తీసుకుని, జీవితం తెలియకముందు ఒక పేజీ ఎలా ఉంది, తెలిశాక ఎలా ఉంది అని పోల్చి చూడడం అలవాటు చేసుకున్నాను. ఈరోజు మీతో కలిసి అదే చేస్తాను. చార్లెస్ డికెన్స్ రాసిన 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' తీసుకుందాం. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ నవలను ఇరవై ఏళ్ళకు పైగా లోకమంతా రచయిత బాల్యం గురించి ఏమీ తెలియకుండా చదివింది. ఆ తర్వాత ఒక్కసారిగా తెలిసింది. మన ప్రశ్నకు ఇంతకంటే మంచి పరీక్ష ఎవరూ పెట్టలేరు.

నవల 1849 మే నుంచి 1850 నవంబరు దాకా నెలనెలా భాగాలుగా వచ్చింది. డేవిడ్ పుట్టకముందే తండ్రి పోతాడు. తల్లి క్లారా, చిన్నపిల్లలాంటి మనిషి, మర్డ్‌స్టోన్ అనే కఠినాత్ముణ్ణి మళ్ళీ పెళ్ళి చేసుకుంటుంది. కొన్నాళ్ళకు ఆమె, చంటిబిడ్డ ఇద్దరూ చనిపోతారు. అప్పుడు ఆ మారుతండ్రి పదేళ్ళ డేవిడ్‌ను బడి మాన్పించి, లండన్‌లో నది ఒడ్డున ఎలుకలు తిరిగే పాత గోదాములో సీసాలు కడిగే పనికి పెడతాడు. పిల్లవాడు మికాబర్ అనే ఆయన ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటాడు. మికాబర్ ఎప్పుడూ అప్పుల్లోనే ఉంటాడు, ఎప్పుడూ ఆశతోనే ఉంటాడు. చివరికి అప్పు తీర్చలేక జైలుకెళతాడు, బయటికొస్తాడు, కుటుంబంతో ఊరు వదిలి వెళ్ళిపోతాడు. ఒంటరిగా మిగిలిన డేవిడ్ పనిలోంచి పారిపోయి, ఎన్నడూ చూడని, తండ్రి వైపు బంధువైన ఒక అత్తను వెతుక్కుంటూ డోవర్ దాకా నడిచి వెళతాడు. ఈ గోదాము భాగం చదివి ఎంతమంది ఏడ్చారో. వాళ్ళెవరికీ ఇందులో రచయిత సొంత కథ ఉందని తెలియదు.

ఇంట్లోవాళ్ళకే తెలియదు. డికెన్స్ కొడుకు హెన్రీ తర్వాత రాసుకున్న ఒక జ్ఞాపకం ఉంది. డికెన్స్ చనిపోవడానికి ముందు వచ్చిన క్రిస్మస్ రోజుల్లో ఇంటిల్లిపాదీ ఒక ఆట ఆడుతున్నారు. ముందువాళ్ళు చెప్పిన మాటలన్నీ వరసగా అప్పజెప్పి, చివర తన మాట ఒకటి కలపాలి. డికెన్స్ వంతు వచ్చింది. అన్నీ చెప్పి, చివర "వారెన్స్ బ్లాకింగ్, 30, స్ట్రాండ్" అన్నాడు. అలా అన్నప్పుడు ఆయన కళ్ళలో ఒక మెరుపు, గొంతులో ఒక వింత మార్పు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. అది ఒక బూటు పాలిష్ కంపెనీ పేరు, చిరునామా. మరుసటి సంవత్సరం, 1870 జూన్‌లో ఆయన పోయాడు. 1871 చివర్లో ఆయన స్నేహితుడు జాన్ ఫోర్‌స్టర్ రాసిన జీవిత చరిత్ర మొదటి సంపుటం వచ్చాకే ఆ మాట వెనక ఏముందో బయటపడింది.

ఫోర్‌స్టర్‌కు ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. 1847లో ఒకరోజు ఆయన మాటల మధ్య డికెన్స్‌ను అడిగాడు: మీ నాన్నగారిని ఎరిగిన ఒక పెద్దమనిషి, మీరు చిన్నప్పుడు స్ట్రాండ్ దగ్గర ఏదో గోదాములో పనిచేస్తుండగా చూశారట, మీ చేతిలో అరక్రౌను నాణెం పెడితే వంగి నమస్కరించారట, నిజమేనా? డికెన్స్ కొన్ని నిమిషాలు మాట్లాడలేదు. ఏదో పుండు మీద చెయ్యి పడిందని ఫోర్‌స్టర్‌కు అర్థమైంది. ఆ తర్వాత కొంతకాలానికి డికెన్స్ తన బాల్యం గురించి రాసుకున్న కాగితాలు ఆయనకు చూపించాడు.

ఆ కాగితాల్లో ఉన్న సంగతి ఇది. 1824 ఫిబ్రవరిలో, పన్నెండేళ్ళు నిండిన రెండు రోజులకే, డికెన్స్ ఒక పాలిష్ ఫ్యాక్టరీలో పనికి చేరాడు. పాలిష్ డబ్బాలకు కాగితం మూతలు కట్టడం, దారం చుట్టడం, అంచు కత్తిరించడం, లేబుల్ అంటించడం ఆ పని. అదే నెల 20న తండ్రి జాన్ డికెన్స్‌ను ఒక రొట్టెల వ్యాపారికి పడ్డ నలభై పౌండ్ల బాకీ కింద మార్షల్సీ జైలుకు పంపారు. తల్లీ చిన్నపిల్లలూ కూడా జైల్లోనే కాపురం పెట్టారు. చార్లెస్ మాత్రం బయట ఒంటరిగా గదిలో ఉంటూ పనికి వెళ్ళేవాడు. తండ్రి మే నెలాఖరున విడుదలయ్యాడు. అయినా పిల్లవాణ్ణి పని మాన్పించలేదు. తర్వాతెప్పుడో తండ్రికీ, ఫ్యాక్టరీ చూసుకునే బంధువుకూ గొడవ వచ్చి, ఆ గొడవలో పని పోయింది. అప్పుడు తల్లి వెళ్ళి రాజీ చేసుకొచ్చింది, మర్నాడు పనికి రమ్మన్నారంది. తండ్రి వద్దన్నాడు, బడికి పంపిస్తానన్నాడు. దీని గురించి డికెన్స్ రాసిన వాక్యం ఇంచుమించు ఇలా ఉంటుంది: "ఆ తర్వాత నేనెన్నడూ మరిచిపోలేదు, ఎన్నటికీ మరవను, మరవలేను, నన్ను మళ్ళీ అక్కడికి పంపాలని అమ్మ పట్టుబట్టిన సంగతి."

ఇప్పుడు మన చేతిలో రెండూ ఉన్నాయి, నవల, జీవితం. ఇక్కడే పాఠకులు రెండుగా చీలిపోతారు.

ఎక్కువమంది చేసేది పోలికలు వెతకడం. గోదామే ఫ్యాక్టరీ, మికాబరే తండ్రి, డేవిడే డికెన్స్. పేరు పొడి అక్షరాలు తిప్పి చూస్తే సరిపోతాయి కూడా, చార్లెస్ డికెన్స్‌లో సి, డి. డేవిడ్ కాపర్‌ఫీల్డ్‌లో డి, సి. ఈ సంగతి ఫోర్‌స్టర్ చెప్పేదాకా డికెన్స్‌కే తట్టలేదట, విని ఉలిక్కిపడ్డాడట. ఈ పోలికలు అబద్ధాలని నేననను. నా ఫిర్యాదల్లా, పోలిక దొరకగానే చదవడం ఆగిపోతుందన్నదే. "ఓహో, ఇది ఆయన కథేనా" అని తల ఊపి పేజీ తిప్పేస్తాం. నేను పాఠం చెప్పిన రోజుల్లో ఇది చాలాసార్లు చూశాను. ముందు జీవితం చెప్పి తర్వాత నవల చదివించిన పిల్లలు మికాబర్ దగ్గర నవ్వేవాళ్ళు కాదు. ఆయన నోరు తెరవగానే వాళ్ళకు జైలు కనిపించేది. మికాబర్‌ను చూసి నవ్వు రాకపోతే ఆ అధ్యాయం సగం చచ్చిపోయినట్టే. ఆ తర్వాత నుంచి నేను నవల పూర్తయ్యేదాకా జీవితం మాటెత్తడం మానేశాను.

పోలిక దగ్గర కూడా ఆగి చూస్తే ఒక విశేషం కనపడుతుంది. జీతం గురించి చూడండి. తన జీతం వారానికి ఆరు షిల్లింగులో ఏడో సరిగా గుర్తు లేదంటాడు డేవిడ్. ఇంత అనుమానం ఉందంటే మొదట ఆరు ఇచ్చి, తర్వాత ఏడు చేసి ఉంటారనుకుంటాడు. ఈ మాటలు దాదాపు ఉన్నవున్నట్టుగా డికెన్స్ కాగితాల్లోవే. జ్ఞాపకాన్నే కాదు, జ్ఞాపకంలోని తడబాటును కూడా ఎత్తి నవలలో పెట్టాడు. తాను అనుభవించిన అవమానం గురించి, తన మనసులోని వేదన ఏ మాటలకూ అందదని మొదలయ్యే వాక్యం కూడా రెండు చోట్లా ఉంది.

దీన్ని చూసి కొందరు, "చూశారా, నవల అంటూ ఆత్మకథనే ఇచ్చాడు" అంటారు. నాకు తోచేది వేరు. ఆ కాగితాలు కూడా డికెన్సే రాశాడు, ముప్ఫై దాటాక, పేరున్న నవలాకారుడై. వాక్యాలు మార్చకుండానే నవలలో ఇమిడిపోయాయంటే, అవి పుట్టడమే నవలాకారుడి వాక్యాలుగా పుట్టాయి. మనం 'జీవితం' అని పక్కన పెట్టుకుంటున్నది కూడా చాలావరకు ఒక రచనే. తానెన్నాళ్ళు పనిచేశాడో, ఏడాదో, ఎక్కువో, తక్కువో తనకే తెలియదని అందులో రాశాడు. జైలు పుస్తకాల్లో తండ్రి పేరు, తేదీ ఉన్నాయి, అది వేరే సాక్ష్యం. ఫ్యాక్టరీలో పిల్లవాడి మనసు ఎలా ఉందన్నదానికి మాత్రం ఆ మనిషి మాట తప్ప మనకు ఆధారం లేదు. అందుకని జీవితం తెలిసిందని ఎవరైనా ధీమాగా చెబితే నేను ముందు ఒకటి అడుగుతాను: ఈ సంగతి నవల బయట ఎక్కడ దొరికింది? నవలలోంచి తీసిన సంగతితో జీవితం రాసి, ఆ జీవితంతో మళ్ళీ నవలకు అర్థం చెప్పడం చాలా పుస్తకాల్లో జరుగుతుంది. అలా ఎన్నిసార్లు తిరిగినా మొదలుపెట్టిన చోటికే వస్తాం.

సరే, పోలికలు వదిలేద్దాం. తేడాలు చూద్దాం. ఆత్మకథాత్మక నవల దగ్గర జీవితం పనికొచ్చేది తేడాల దగ్గరేనని నా నమ్మకం. రచయిత ఉన్నదాన్ని ఉన్నట్టు పెట్టిన చోట ఏం ఆలోచించాడో మనకు తెలియదు. మార్చిన చోట మాత్రం ఒక నిర్ణయం తీసుకున్నాడని ఖాయంగా తెలుస్తుంది.

డికెన్స్ ఏం మార్చాడు? అన్నిటికంటే పెద్ద మార్పు, అమ్మానాన్నల్ని పిల్లవాడి నుంచి విడదీశాడు. జీవితంలో అప్పులవాడు కన్నతండ్రి. నవలలో ఆయన ఇంటి యజమాని, డేవిడ్ అద్దెకున్నవాడు. జీవితంలో పిల్లవాణ్ణి పనికి పంపింది కన్నవాళ్ళు. నవలలో పంపినవాడు మారుతండ్రి. కన్నతల్లి అప్పటికే మట్టిలో కలిసిపోయింది.

ఈ మార్పు ఏం చేసిందో మికాబర్ ఇంట్లో చూడండి. డికెన్స్ తల్లి ఎలిజబెత్ అప్పులు ముదిరిన రోజుల్లో ఇంటి తలుపుకు ఇత్తడి పలక కొట్టించి బడి పెట్టబోయింది. ఒక్క పిల్లా చేరలేదు. నవలలో మిసెస్ మికాబర్ తలుపు మీద కూడా అలాంటి పలకే ఉంటుంది, యువతులకు వసతి పాఠశాల అని. ఒక్క యువతీ రాదు, ఆమె దగ్గర చదువుకున్నట్టు డేవిడ్ ఎవర్నీ చూడడు. కన్నకొడుకు చెబితే ఈ సంగతిలో ఒక నిష్ఠూరం ఉంటుంది. ఆ పలక మీద పెట్టిన డబ్బుతో నన్ను బడికి పంపి ఉండొచ్చు కదా అన్నది మాటల వెనక వినపడుతుంది. అద్దెకున్నవాడు చెబితే ఆ నిష్ఠూరం పోతుంది. వాళ్ళు అతనికి ఏమీ బాకీ లేరు. బడికి పంపే బాధ్యత, అన్నం పెట్టే బాధ్యత వాళ్ళది కాదు. అందుకే డేవిడ్ వాళ్ళను చూసి నవ్వగలడు, ప్రేమించగలడు. వాళ్ళ చెంచాలు తాకట్టు పెట్టడానికి తానే తీసుకెళ్ళగలడు. అమ్మానాన్నలు తనకు పడ్డ బాకీని ఒక్క కలం పోటుతో రద్దు చేశాడు డికెన్స్. రద్దు చేశాకే వాళ్ళు అంత అందంగా వచ్చారు.

ఇది నవల మాత్రమే చదివితే కనపడదు, జీవితం మాత్రమే చదివినా కనపడదు. రెండింటి మధ్య సందులో కనపడింది. అయితే ఇక్కడ తొందరపడితే మళ్ళీ దెబ్బ తింటాం. "డికెన్స్ తల్లిని శిక్షించడానికే క్లారాను చంపాడు" అని రాసేవాళ్ళున్నారు. అలా అనేముందు తొమ్మిదో అధ్యాయం చివర చదవండి. తల్లి పోయిందని తెలిసిన క్షణం నుంచి, ఈమధ్య మర్డ్‌స్టోన్ నీడలో వాడిపోయిన అమ్మ తన మనసులోంచి మాయమైందంటాడు డేవిడ్. మొదట్లో ఉన్న పడుచు అమ్మే మిగిలిందంటాడు. సమాధిలో ఉన్నది నా పసితనపు అమ్మ, ఆమె చేతుల్లో ఉన్న బిడ్డ ఒకప్పటి నేనే అంటాడు. ఇది శిక్షలా ఉందా? చావు ఇక్కడ తల్లిని కాపాడుతోంది. ఆమె ఇక ఎప్పటికీ తప్పు చెయ్యలేదు. శిక్ష అన్న ఊహ జీవిత చరిత్రలోంచి వచ్చింది, పేజీ మీద దానికి చోటు లేదు. ఏ ఊహ వచ్చినా నేను పెట్టుకునే పరీక్ష ఇదే. ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించగలగాలి.

మధ్యలో ఒకరు చీటీ పంపారు: "జీవితం తెలియకపోతే నవల అసలు అర్థమే కాని చోటు ఏదైనా ఉందా?" అని. ఉంది, ఈ నవలలోనే ఉంది. మిస్ మౌచర్ అనే పాత్ర ఇరవై రెండో అధ్యాయంలో వస్తుంది. మరుగుజ్జు మనిషి, ధనవంతులకు సింగారం చేసి బతుకుతుంది. ఆ చూపు, ఆ మాటలు చూస్తే ఏదో చెడుకు తోడ్పడబోతోందని ఎవరికైనా అనిపిస్తుంది. పది అధ్యాయాలు దాటాక అదే మనిషి ఏడుస్తూ వచ్చి, శరీరం చూసి మనసును కొలవకండి అని డేవిడ్‌కు చెబుతుంది, మంచివాళ్ళ పక్షాన చేరిపోతుంది. నవల లోపల దీనికి కారణం ఎంత వెతికినా దొరకదు. కారణం బయట ఉంది. డికెన్స్ ఇంటి దగ్గర ఉండే ఒక మరుగుజ్జు స్త్రీ ఆ భాగం చదివి, అది తనేనని గుర్తుపట్టి, గుండె పగిలి ఆయనకు ఉత్తరం రాసింది, వకీలు చేత కూడా రాయించింది. నవల ఇంకా నెలనెలా వస్తూనే ఉంది. డికెన్స్ క్షమాపణ చెప్పి, పాత్రను మారుస్తానని మాటిచ్చి మార్చాడు. అతుకు ఎందుకు పడిందో మనకు జీవితమే చెప్పింది. ఆ అతుకు బాగా కుదిరిందా లేదా అన్నది మాత్రం జీవితం చెప్పదు. నన్నడిగితే కుదరలేదు. ఆయన చేసిన పని మంచిదే, ఆ అధ్యాయం మాత్రం బలహీనంగానే ఉంది.

ఇక నేను అన్నిటికంటే ఇష్టపడే చోటికి వస్తాను. గోదాము భాగంలో డేవిడ్‌ను ఇద్దరు స్త్రీలు ముద్దు పెట్టుకుంటారు.

మొదటిది మద్యం దుకాణంలో. ఏదో ప్రత్యేక సందర్భం, బహుశా పుట్టినరోజు కావచ్చంటాడు డేవిడ్. ఆ చిన్న పిల్లవాడు లోపలికెళ్ళి, మీ దగ్గరున్న అన్నిటికంటే మంచి ఏల్ ఒక గ్లాసు ఇవ్వండని పెద్దమనిషిలా అడుగుతాడు. యజమాని భార్యను పిలుస్తాడు. ఇద్దరూ కలిసి ఏవేవో ప్రశ్నలు వేస్తారు. చివరికి ఆమె వంగి ముద్దు పెడుతుంది, సగం మెచ్చుకోలుతో, సగం జాలితో. ఇది డికెన్స్ కాగితాల్లో ఉంది. ఎవరో తెలియని స్త్రీ, ఒక్కసారి, ఎప్పుడో నిజంగా పెట్టిన ముద్దు.

రెండోది మికాబర్ కుటుంబం ఊరు విడిచి వెళ్ళే రోజు. అందరూ బండి పైనెక్కి కూర్చున్నారు. డేవిడ్ రోడ్డు మీద నిలబడి చూస్తున్నాడు. అప్పుడు మిసెస్ మికాబర్ కళ్ళకు కమ్మిన మంచు విడిపోయినట్టవుతుంది. ఇన్నాళ్ళూ తన అప్పులూ బాధలూ చెప్పుకున్నది ఎంత చిన్న పిల్లవాడికో ఆమెకు మొదటిసారి కనిపిస్తుంది. పైకి రమ్మని సైగ చేస్తుంది. ముఖంలో కొత్తగా ఒక తల్లి భావం. మెడ చుట్టూ చెయ్యి వేసి, తన కన్నకొడుకును ముద్దు పెట్టుకున్నట్టే ముద్దు పెట్టుకుంటుంది. బండి కదిలే వేళకు దిగడానికి అతనికి టైము అంతంత మాత్రమే. వాళ్ళు రుమాళ్ళు ఊపుతుంటే ఆమె ముఖం కూడా సరిగా కనపడదు. ఒక్క నిమిషంలో బండి వెళ్ళిపోతుంది. డేవిడ్ గోదాములో పనికి వెళతాడు.

ఫోర్‌స్టర్ అచ్చువేసిన కాగితాల్లో ఈ ముద్దు లేదు. జీవితం తెలియని 1850 నాటి పాఠకుడు కూడా ఇక్కడ కళ్ళు తుడుచుకునే ఉంటాడు, దానికి ఏ జీవిత చరిత్రా అక్కర్లేదు. నేను మొదటిసారి చదివినప్పుడు నాకూ ఏమీ తెలియదు, అయినా పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. తెలిశాక మళ్ళీ చదివినప్పుడు నా కన్ను ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. "తన కన్నకొడుకును ముద్దు పెట్టుకున్నట్టే." కన్నకొడుకును కాదు, ముద్దు పెట్టుకున్నట్టే. అద్దెకున్నవాడిగా మార్చడంతో నిష్ఠూరమంతా పోయిందని ఇందాక అన్నాను కదా. అది పోయినప్పుడు ఇంకొకటి కూడా పోయింది. ఆ ముద్దు ఎంత తల్లి ముద్దైనా, ఆ పిల్లవాడు దాన్ని తనదని అనుకోలేడు. వెళ్ళే బండి వెళ్ళిపోతుంది, అందులో ఆమె కన్నపిల్లలున్నారు.

ఈ 'ట్టే' అన్న మాట మొదటి చదువులోనూ అక్కడే ఉంది. నాకు కనపడింది మాత్రం రెండో చదువులో.